కాకరకాయ చేదు తీయడం: తరగడం దగ్గర మొదలుపెట్టి పిండడం దాకా

ఉప్పు రాశాం, అరగంట ఉంచాం, గట్టిగా పిండాం, అయినా కూర చేదుగానే ఉంది అని ఎవరైనా చెబితే నేను మొదట అడిగేది ఒకటే. ముక్క ఎంత మందాన తరిగారు? చాలాసార్లు జవాబు అక్కడే దొరుకుతుంది. బొటనవేలి మందాన తరిగిన ముక్కకు అరగంట ఉప్పు పట్టిస్తే పైపైన మాత్రమే మెత్తబడుతుంది, లోపల కండ బిర్రుగా అలాగే ఉండిపోతుంది. దాన్ని ఎంత పిండినా రసం రాదు, ముక్క విరుగుతుంది.

కాకరకాయలో చేదు మొమార్డికోసైడ్లు అనే పదార్థాల వల్ల వస్తుంది. అవి కాయ కండలో, రసంతో కలిసి ఉంటాయి. చేదు తీయడమంటే ఆ రసంలో కొంత బయటికి రప్పించడమే. ముక్క లోపలున్న రసం అంచుదాకా నడిచి రావాలి. ఆ దారి ఎంత పొడుగో నిర్ణయించేది కత్తి. రసాన్ని లాగేది ఉప్పు. బయటికి తోసేది చెయ్యి. మజ్జిగ, చింతపండు ఈ మూడూ అయ్యాక మిగిలిన చేదు సంగతి చూసుకుంటాయి. ఈ వరస మారితే పని సగంలో ఆగుతుంది.

కాయ ఎంచుకోవడం

బజారులో పొట్టిగా, ముదురు ఆకుపచ్చగా, బుడిపెలు మొనదేలి ఉండే కాయలు బాగా చేదు. పొడుగ్గా, లేత రంగులో ఉండేవి అంతకంటే నయం. విదేశాల్లో ఉండేవాళ్ళకు చైనా దుకాణాల్లో నున్నగా, లావుగా, గట్లు గుండ్రంగా ఉండే పాలిపోయిన రంగు కాకర దొరుకుతుంది. అది మన కాయంత చేదు ఉండదు, నీరు మాత్రం ఎక్కువ. దానికి ఇక్కడ చెప్పే ఉప్పులో మూడోవంతు తగ్గించుకోవచ్చు.

కాయ పసుపు తిరగడం మొదలైతే చేదు తగ్గుతుంది గానీ కండ మెత్తబడి వేపుడుకు పనికిరాదు. పండుతున్న కాయను పులుసులో వేసుకోండి. లేత కాయ, వంచితే కొద్దిగా ప్రతిఘటించేది, గోరు గుచ్చితే టక్కున దిగేది వేపుడుకు మంచిది.

కడగడం, గీకడం

కాయలను తరగకముందే కడిగి, గుడ్డతో తడి లేకుండా తుడవండి. తరిగాక కడిగితే ముక్కలు నీళ్ళు పీల్చుకుంటాయి, రాసిన ఉప్పు ఆ నీటిలో పలచబడిపోతుంది.

పైనున్న బుడిపెలను గీకాలా వద్దా అన్నది వంటకాన్ని బట్టి ఉంటుంది. గుత్తి కాకర చేసేటప్పుడు గీకుతాను, ఎందుకంటే కాయ నిలువునా ఉంటుంది కనుక పై పొర దళసరిగా ఉంటే ఉప్పు లోపలికి దిగదు. చాకు వెనకవైపుతోనో పీలర్‌తోనో బుడిపెల మొనలు పోయేదాకా గీకితే చాలు, తెల్లటి కండ బయటపడేదాకా అవసరం లేదు. సన్నటి చక్రాలకు గీకను. బుడిపెలే వేగాక కరకరలాడేది.

గింజల చుట్టూ ఉండే తెల్లటి దూది లాంటి గుజ్జే చేదంతా అని మా ఇంట్లో చిన్నప్పటి నుంచి విన్నాను. ఒకసారి దాన్ని కొద్దిగా నాలుకకు తాకించి, తర్వాత పచ్చటి కండ ముక్కను తాకించి చూడండి. కండే ఎక్కువ చేదని మీకే తెలుస్తుంది. గుజ్జును తీసేయడానికి వేరే కారణం ఉంది. అది స్పాంజిలా ఉప్పునీటినీ నూనెనూ పీల్చుకుని, ముక్కను వేగనివ్వకుండా మెత్తగా ఉంచుతుంది. లేత గింజలైతే వేపుడులో బాగుంటాయి, ఉంచేయండి. పంటికి గట్టిగా తగిలేవీ, రంగు మారినవీ తీసేయాలి.

తరగడం

వేపుడుకు 3 మిల్లీమీటర్ల మందం. రెండు రూపాయి బిళ్ళలు ఒకదానిమీద ఒకటి పెడితే సుమారుగా అంత మందం వస్తుంది. ఇంతకంటే సన్నగా తరిగితే పిండేటప్పుడు చక్రం చిరుగుతుంది, మూకుడులో అంచులు మాడి మధ్య భాగం అట్టలా అవుతుంది. ఇంతకంటే మందమైతే ఉప్పు పట్టడానికి సమయం చాలా పెరుగుతుంది. మందం రెట్టింపైతే సమయం రెట్టింపు కాదు, దానికంటే ఎక్కువే పడుతుంది. ఒక సెంటీమీటరు ముక్కకు గంటన్నర ఉంచినా నడుమ బిర్రుగా ఉండటం నేను చూశాను.

అన్ని ముక్కలూ ఒకే మందాన ఉండటం అన్నిటికంటే ముఖ్యం. సన్నవీ లావువీ కలిస్తే సన్నవి ఉప్పు కషాయమవుతాయి, లావువి చేదుగా మిగులుతాయి. ఒకే ముద్దలో రెండూ తగిలితే ఎక్కడ తప్పు జరిగిందో తినేవాళ్ళకు అర్థం కాదు. కత్తిపీట మీద అలవాటు లేనివాళ్ళు కాయను నిలువునా రెండుగా చీల్చి, చెంచాతో గుజ్జు గీకి, బల్లమీద బోర్లించి తరిగితే ముక్క దొర్లదు, సమానంగా వస్తుంది. అర్ధచంద్రాకారపు ముక్కలు వేపుడుకు చక్రాలకంటే బాగా పిండబడతాయి కూడా. చక్రానికి నడుమ ఖాళీ ఉంటుంది కనుక అరచేతిలో నలిగినప్పుడు విరుగుతుంది.

పులుసుకు మాత్రం సన్నగా తరగకండి. అక్కడ ముక్క పంటికి తగలాలి. 5, 6 మిల్లీమీటర్ల ముక్కకు ముప్పావుగంట ఉప్పు పట్టించండి. మిగిలిన చేదును చింతపండు, బెల్లం చూసుకుంటాయి.

ఉప్పు

అరకిలో కాయలు తరిగి గింజలు తీస్తే సుమారు 400 గ్రాముల ముక్కలు వస్తాయి. వాటికి మెత్తటి ఉప్పు టీస్పూన్‌న్నర, తలకొట్టి కొలిచినది. బరువులో చూస్తే 8, 9 గ్రాములు. రాళ్ళ ఉప్పు వాడితే దంచుకుని వాడండి. రాళ్ళుగా వేస్తే కరిగేదాకా ముక్కకు అంటదు, ఒకచోట ఎక్కువ ఒకచోట తక్కువ అవుతుంది. అర టీస్పూన్ పసుపు కలపడం మా అలవాటు. అది రంగు కోసం, వాసన కోసం. చేదు తీసేది ఉప్పే.

ఉప్పు చల్లి వదిలేయకండి. ఒక నిమిషంపాటు చేత్తో కలుపుతూ, వేళ్ళతో మెల్లగా రుద్దండి. ముక్కలు తడితడిగా మెరవడం మొదలయ్యాక చిల్లుల గిన్నెలో వేసి, కింద మరో గిన్నె పెట్టండి. రసం ముక్కల మీద నుంచి జారిపోవాలి. లోతు గిన్నెలోనే ఉంచేస్తే అడుగు ముక్కలు చేదు రసంలోనే నానుతుంటాయి.

ఉప్పు ఏం చేస్తుందంటే, ముక్క బయట గాఢత పెంచి లోపలి నీటిని బయటికి లాగుతుంది. నీరు పోతున్నకొద్దీ కండలోని కణాలు బిగువు కోల్పోతాయి. అప్పటిదాకా రసాన్ని పట్టుకున్న గోడలు వదులవుతాయి, పిండితే రసం వచ్చేస్తుంది. ఉప్పు చేసే ఇంకో పని నాలుకమీద జరుగుతుంది. కొద్దిపాటి ఉప్పు తగిలితే నాలుక చేదును తక్కువగా గుర్తిస్తుంది. అందుకే ముక్కలో మిగిలిన కాస్త ఉప్పును పూర్తిగా కడిగేయడం మన పనికి మనమే అడ్డం రావడం.

3 మిల్లీమీటర్ల ముక్కకు 25 నుంచి 30 నిమిషాలు చాలు. గడియారం కంటే ముక్కను నమ్మండి. ఒక ముక్క తీసి వంచితే విరగకుండా వంగాలి. కింద గిన్నెలో పచ్చటి నీరు చేరి ఉండాలి. ముక్క రంగు కొద్దిగా ముదిరి, అంచులు కాస్త పారదర్శకంగా కనిపించాలి. వంచితే టప్పున విరిగిందంటే ఇంకో పది నిమిషాలు ఉంచండి.

ఎక్కువసేపు ఉంచితే ఎక్కువ చేదు పోతుందన్న లెక్క ఒక హద్దు దాటాక పనిచేయదు. ఒకసారి చుట్టాలు వస్తున్నారని రాత్రే ముక్కలకు ఉప్పు రాసి ఫ్రిజ్‌లో పెట్టాను. పొద్దున చూస్తే ముక్కలు తోలులా అయ్యాయి, పిండితే నూలు పోగుల్లా పీచు మిగిలింది, ఉప్పు లోపలిదాకా ఎక్కేసింది. నీళ్ళలో నానబెట్టి ఉప్పు తీద్దామంటే రుచి మొత్తం పోయింది. ముందురోజే పని కానిచ్చుకోవాలంటే, అరగంట ఉప్పు పట్టించి పిండేసి, పిండిన ముక్కలను మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. మర్నాటికి బాగానే ఉంటాయి.

పిండడం

గుప్పెడు ముక్కలే తీసుకోవాలి. రెండు అరచేతుల మధ్య పెట్టి నెమ్మదిగా అదిమి, ఐదు అంకెలు లెక్కపెట్టేంతసేపు పట్టుకుని వదలండి. ముక్కలను చేతిలో తిరగేసి మళ్ళీ అదమండి. బట్టలు పిండినట్టు మెలితిప్పితే ముక్కలు నలిగి ముద్దవుతాయి. చేతిలో బలం తక్కువైతే పలచటి నూలు గుడ్డలో మూటకట్టి, రెండు పీటల మధ్య పెట్టి అదమవచ్చు.

మొదటి అదుముకు వచ్చే రసం చిక్కటి ఆకుపచ్చగా, నురగతో ఉంటుంది. రెండోసారికి పలచబడుతుంది. మూడోసారి చుక్కలుగా వస్తే అక్కడ ఆపేయండి. అరకిలో కాయలకు నా గిన్నెలో సాధారణంగా పావు కప్పు పైచిలుకు రసం చేరుతుంది.

పెళ్ళయిన కొత్తలో నేను పిండటం చూసి మా అత్తయ్య అంది: "చేతికి గుజ్జు అంటుకుంటోంది చూడమ్మా, అంటే రసం అయిపోయి కండ వస్తోందన్నమాట. ఇక వదిలెయ్." ఇప్పటికీ నేను చూసుకునే గుర్తు అదే. చేతికి నీరు తగులుతున్నంతసేపు పిండాలి, గుజ్జు తగలగానే మానాలి.

పిండాక పచ్చి ముక్క నోట్లో వేసుకుని చేదు చూస్తే మోసపోతాం. పచ్చిది ఎప్పుడూ ఎక్కువ చేదుగా తోస్తుంది. ఒక చిన్న గరిటెలో అర చెంచా నూనె వేసి రెండు ముక్కలు ఎర్రగా వేయించి, చల్లారాక తినండి. ఇంట్లో పిల్లలు ఉంటే వాళ్ళకే ఇచ్చి చూడండి. ఆ చేదు ఫరవాలేదనిపిస్తే ఇక నానబెట్టే పని లేదు, నేరుగా మూకుడులోకి. ఉప్పు ఎక్కువైందనిపిస్తే ముక్కలను నీళ్ళలో ఒక్కసారి ముంచి తీసి మళ్ళీ అదిమేయండి. ధారకింద పెట్టి కడగొద్దు.

నానబెట్టడం: మజ్జిగ, చింతపండు

ముదురు పొట్టి కాయలకు, లేదా ఇంట్లో చేదు బొత్తిగా పడనివాళ్ళకు వండేటప్పుడు ఈ మెట్టు కావాలి. కప్పు పుల్ల పెరుగును రెండు కప్పుల నీళ్ళతో చిలికి, పిండిన ముక్కలను అందులో 20 నిమిషాలు ఉంచండి. మజ్జిగలోని మాంసకృత్తులు, వెన్న చేదు పదార్థాలలో కొన్నిటిని పట్టుకుంటాయి. పులుపు మిగిలిన చేదును కప్పుతుంది. పిండకుండా మజ్జిగలో వేస్తే బిర్రుగా ఉన్న ముక్కలోకి మజ్జిగ దిగనే దిగదు. అందుకే పిండాకే ఇది చేయాలి.

తీశాక మళ్ళీ అదిమి, ఆ మజ్జిగ పారబోయండి. ముక్కలమీద పాల మరకలు మిగిలితే నూనెలో తొందరగా నల్లబడతాయి. కనుక గుడ్డమీద పదిహేను నిమిషాలు ఆరబెట్టి, మధ్యస్థం మంటమీదే వేయించాలి.

చింతపండు వేరేగా పనిచేస్తుంది. అది చేదును ముక్కలోంచి పెద్దగా తీసేయదు, పులుపు పక్కన నిలబెట్టి నాలుకకు తక్కువగా తెలిసేలా చేస్తుంది. బెల్లం కూడా అంతే. ఇక్కడ ఎక్కువమంది పడే తప్పు, పచ్చి ముక్కలను నేరుగా పులుసులో వేసి ఉడికించడం. పులుపులో కూరగాయ తొందరగా మెత్తబడదు. అరగంట ఉడికినా ముక్క గట్టిగా, చేదుగా ఉంటుంది. ముందు నూనెలో మూతపెట్టి ముక్క మెత్తబడేదాకా మగ్గించాలి, తర్వాతే నిమ్మకాయంత చింతపండు పులుసు పోయాలి. బెల్లం దించే ముందు. పులుసు వండిన రోజు కంటే మర్నాడు బాగుంటుంది, ఎందుకంటే రాత్రంతా ముక్కలోకి పులుపూ తీపీ దిగుతాయి.

అరకిలో కాకరతో ఒక వేపుడు

మొన్న చేసిన కూర వరసగా చెబుతాను. లేత రంగు పొడుగు కాయలు ఐదు, సరిగ్గా అరకిలో. కడిగి తుడిచి, నిలువునా చీల్చి, గుజ్జు తీసి 3 మిల్లీమీటర్ల అర్ధచంద్రాలుగా తరిగాను. టీస్పూన్‌న్నర ఉప్పు, అర టీస్పూన్ పసుపు రుద్ది చిల్లుల గిన్నెలో వేశాను. 28 నిమిషాలకు ముక్క వంగింది. ఐదు గుప్పెళ్ళుగా, ఒక్కో గుప్పెడు రెండుసార్లు అదిమాను. రెండు ముక్కలు వేయించి చూస్తే చేదు ఉంది గానీ గొంతు పట్టుకునేంత లేదు, ఉప్పు సరిపోయింది. మజ్జిగ అవసరం లేదనుకున్నాను.

వెడల్పు మూకుడులో నాలుగు టేబుల్‌స్పూన్ల వేరుశెనగ నూనె కాగాక ముక్కలు వేశాను. మొదటి ఐదు నిమిషాలు ముక్కల్లో మిగిలిన తడి ఆవిరవుతుంది, ఆ చప్పుడు వినిపిస్తుంది. చప్పుడు తగ్గాక మంట తగ్గించి, మూత పెట్టకుండా, రెండు నిమిషాలకోసారి కలుపుతూ ఇంకో పది పన్నెండు నిమిషాలు. మూత పెడితే ఆవిరి మళ్ళీ ముక్కమీదే పడి మెత్తబడుతుంది. అంచులు గోధుమ రంగుకు వచ్చినప్పుడు ఆపాలి. నల్లబడేదాకా వేయిస్తే మాడిన చేదు కొత్తగా తోడవుతుంది, దాన్ని ఏ ఉప్పూ తీయదు.

చివర ఆరు వెల్లుల్లి రెబ్బలు, టీస్పూన్‌న్నర కారం, అర టీస్పూన్ జీలకర్ర, రెండు టేబుల్‌స్పూన్ల ఎండుకొబ్బరి దంచి వేసి, పొయ్యి కట్టేసి కలిపాను. దంచేటప్పుడు ఉప్పు వేయలేదు. ముక్కలో ఉన్న ఉప్పే ఆ కారానికీ సరిపోతుంది. కూర మొత్తం ఉప్పు కషాయమైందని వినేచోట ఎక్కువసార్లు జరిగేది ఇదే, కారంలో రెండోసారి ఉప్పు పడటం.

గుత్తి కాకరకు వేరే దారి

కాయ నిండుగా ఉంటుంది కనుక పొడి ఉప్పు ఒక్కటీ చాలదు. పొట్టి కాయలు అరకిలో, బుడిపెలు గీకి, ఒక పక్క మాత్రమే నిలువునా గాటు పెట్టి, చివరలు తెగకుండా చూసి, చెంచా కాడతో లోపలి గుజ్జు, గింజలు తీయండి. టీస్పూన్‌న్నర ఉప్పును లోపలా బయటా రుద్ది గంటసేపు ఉంచండి. గాటు వైపు కిందికి ఉంచితే రసం కారిపోతుంది.

తర్వాత కాయలను మెల్లగా అదిమి, పుల్ల మజ్జిగ మునిగేలా పోసి, చిటికెడు పసుపు వేసి సన్నటి సెగమీద ఏడెనిమిది నిమిషాలు ఉడికించండి. మజ్జిగ విరిగి తేలుతుంది, ఫరవాలేదు, ఎలాగూ పారబోసేదే. చాకు మొన కాస్త పట్టి దిగుతుంటే తీసేయాలి. ఇట్టే దిగిపోతుంటే ఎక్కువ ఉడికినట్టు, కారం కూరేటప్పుడు కాయ చిట్లుతుంది. పూర్తిగా చల్లారాక ఒక్కో కాయను రెండు అరచేతుల మధ్య చదునుగా ఒత్తండి. వేడిమీద ఒత్తితే గాటు చివరిదాకా చీలిపోతుంది. అరగంట గాలికి ఆరనిచ్చి, నూనెలో అన్ని పక్కలా ఎర్రబడేలా తిప్పుతూ వేయించి, ఉల్లికారమో పల్లీల కారమో కూరండి.

ఇంకో రెండు మాటలు

సుగర్ కోసమని కాకర తినేవాళ్ళు ఇంట్లో ఉంటే, వాళ్ళ భాగం ముక్కలను ఇంత పిండనవసరం లేదు. వాళ్ళు కోరుకునేదాంట్లో కొంత ఆ రసంతోనే పోతుంది. అలాగని గిన్నెలో చేరిన ఉప్పురసం తాగొద్దు. మందులు వాడుతున్నవాళ్ళు కాకర రసం తాగాలనుకుంటే డాక్టరును అడిగాకే మొదలుపెట్టాలి, మందుతో కలిసి చక్కెర మరీ పడిపోవచ్చు.

ఈ పద్ధతులు కాకరకే. సొరకాయ, దోసకాయ, నేతిబీరకాయ తరిగినప్పుడు చిన్న ముక్క నాలుకకు చేదుగా తగిలితే ఉప్పు రాసి పిండి వండుకుందామని అనుకోకండి. కాకరకు చేదు సహజం. సొరకాయకు చేదు వచ్చిందంటే కుకుర్బిటాసిన్ అనే విషపదార్థం పేరుకుందని అర్థం. చేదు సొరకాయ రసం తాగి ప్రాణం పోయినవాళ్ళున్నారు. ఆ కాయను పారేయండి, అప్పటికే గిన్నెలో కలిసిపోయి ఉంటే ఆ కూర మొత్తాన్నీ పారేయండి.